ముక్కు చేసే పని

పెళ్ళయిన కొత్తలో మా ఆయన గొంతు కాస్త తగ్గితే బాగుండునని ఎంతమంది దేవుళ్ళకు మొక్కుకున్నానో లెక్కలేదు. మగ్గాల మోతలో పనిచేసి వచ్చే మనిషికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. మంచినీళ్ళు అడిగినా పోట్లాడుతున్నట్టే ఉండేది. సూరత్‌లో, భేస్తాన్ వాడలో మా గది. దాని కిందనే మగ్గాల ఖాతా, అంటే కరెంటు మగ్గాల షెడ్డు. పైన మేము, కింద మోత. ఆ మోత మీదుగా ఆయన అరుపు, దాని మీదుగా నా అరుపు. మా మొక్కులు దేవుడు వినడు గానీ, అక్కర్లేని ఆ ఒక్క మొక్కు మాత్రం కరోనా ఏడాది విన్నాడు.

దీపావళి దాటాక ఆయనకు జ్వరం వచ్చింది. దగ్గు, ఆయాసం, ఆటో, పెద్దాస్పత్రి. నన్ను గేటు దగ్గరే ఆపేశారు. లోపల ఏం జరిగిందో ఫోన్లో ముక్కలు ముక్కలుగా తెలిసేది. ఒకరోజు ఊపిరి మిషను పెట్టామన్నారు. ఇంకోరోజు నోట్లో గొట్టం ఎక్కువ కాలం ఉంచకూడదు కాబట్టి మెడకు రంధ్రం చేసి అక్కణ్ణుంచి గాలి ఇస్తున్నామన్నారు. గేటు దగ్గరికి కాగితం తెచ్చి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు, పెట్టాను. నాకూ అదే వారం ఒళ్ళు వెచ్చబడింది. ఎవరికి చెప్పాలి? పిల్లలిద్దరూ లాక్‌డౌన్ ముందు నుంచీ ఊళ్ళో మా అమ్మ దగ్గరే ఉన్నారు. నేనే గోలీలు మింగి, నేనే జావ కాచుకుని, నేనే తాగాను. జావకు రుచీ లేదు, వాసనా లేదు. జ్వరం నోరు కదా అనుకున్నాను. జ్వరం పోయింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. అగరుబత్తి ముక్కుకి ఆనించుకున్నా పుల్ల తగిలిందే తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఆయనకు కరోనా తగ్గి మామూలు వార్డుకు మార్చాక నన్ను లోపలికి రానిచ్చారు. మనిషి సగమయ్యాడు. మిషను తీసేశారు గానీ మెడలో గొట్టం అలాగే ఉంది. ప్లాస్టిక్‌ది తీసి స్టీలుది వేశారు. ఒక గొట్టంలో ఇంకో గొట్టం. అంత పెద్ద నోరున్న మనిషి నన్ను చూసి నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఊపిరి మెడ దగ్గరే వచ్చి మెడ దగ్గరే పోతోంది. ఇక గొంతుపెట్టెకు గాలి ఎక్కడిది, మాట ఎక్కడిది! లోపల ఇంకా వాపుందని, అది తగ్గి, కఫం తనంతట తాను దగ్గి బయటికి తీయగలిగిన రోజున గొట్టం తీసేస్తామని డాక్టరు చెప్పాడు. అప్పటిదాకా ఇంట్లో నేనే చూసుకోవాలి. మంచాలు చాలని రోజులవి.

ఆ వార్డులో ఒక సిస్టర్ ఉండేది. గుజరాతీ మనిషి, నాతో హిందీలో మాట్లాడేది, 'బెన్' అని, అంటే అక్కా అని పిలిచేది. లోపలి గొట్టం ఎలా తిప్పి తీయాలో, కాచి చల్లార్చిన నీళ్ళతో ఎలా కడగాలో, కాలితో తొక్కే మిషనుతో కఫం ఎలా లాగాలో నా చేత చేయించి మరీ నేర్పింది. చివరికి గాయాలకు కట్టే పల్చటి గుడ్డను మడతపెట్టి, తడిపి, గట్టిగా పిండి, ఆయన మెడకు పసిపిల్లల చొంగగుడ్డలా కట్టింది. అది గొట్టం ముందర వేలాడుతోంది.

"ఇదెందుకు సిస్టర్?" అన్నాను.

"బెన్, మీ ముక్కు రోజంతా ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?" అంది.

ముక్కు గురించి ఎవరాలోచిస్తారు! జలుబు చేసినప్పుడు తప్ప అది ఉందనే గుర్తుండదు.

"ముక్కు అంటే ఊరికే రెండు తూట్లు కాదు బెన్. ముందు వెంట్రుకలు పెద్ద దుమ్మును ఆపుతాయి. లోపల అంతా మెలికల దారి. గోడలు ఎప్పుడూ జిగటగా, తడిగా ఉంటాయి. సన్న దుమ్ము వాటికి అతుక్కుపోతుంది. ఆ గోడల వెనకాల వేడి రక్తం పారుతుంటుంది. దాన్ని రాసుకుంటూ వెళ్ళే గాలి వెచ్చబడుతుంది, తడి పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లోకి దిగేసరికి ఒంట్లో ఎంత వేడో అంత వేడి, ఇక పట్టనంత చెమ్మ. మళ్ళీ ఊపిరి బయటికి పోయేటప్పుడు ఆ చెమ్మలో కొంత ముక్కే తిరిగి దాచుకుంటుంది. మీ ఆయన గాలి ఇప్పుడు ఆ దారిన పోవట్లేదు. చల్లటి గాలి, పొడి గాలి, దుమ్ము, అన్నీ తిన్నగా లోపలికే. కఫం ఎండి గొట్టానికి అడ్డం పడిందంటే..." అక్కడ ఆగి నా ముఖంలోకి చూసింది. "ముక్కు చేసే పని ఇక మీరు చేయాలి. ఈ గుడ్డ ఆరనివ్వకండి. నీళ్ళు మాత్రం కారకూడదు, బాగా పిండాలి."

సరేనన్నాను. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి ఇంకో మాట చెప్పింది. "కఫం రంగు రోజూ చూడండి. వాసన కూడా చూడండి. చెడు వాసన వస్తే వెంటనే తీసుకురండి."

దానికీ సరేనన్నాను. నాకు వాసన రాదని చెప్పలేదు. చెబితే ఆయన్ను నాతో పంపరేమోనని భయం. ఆ గదిలో ఇంకొక్క రోజు కూడా ఒంటరిగా ఉండలేననిపించింది. రంగు చూస్తాను, చిక్కదనం చూస్తాను, జ్వరం చూస్తాను, ఏదోలా కాచుకుంటాను అనుకున్నాను. అలా మేమిద్దరం ఇంటికొచ్చాం. ఆయన ముక్కులో వాసన ఉందేమోగానీ గాలి లేదు, నా ముక్కులో గాలి ఉంది గానీ వాసన లేదు.

ఇంటికొచ్చాక అసలు ఒంటరితనం మొదలైంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన లేడు కాబట్టి ఇల్లు బోసిగా ఉందనుకున్నాను. ఇప్పుడు ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు, అయినా బోసే. నేను చీరలకు లేసు కుడుతూ పొద్దంతా మాట్లాడేదాన్ని. కూరగాయల బండివాడు ఏమన్నాడో, పిల్లలు ఫోన్లో ఏమడిగారో, కింద ఏ మగ్గం ఆగిందో. నా మాట నాకే వినబడి ఆగిపోయేదాన్ని. ఆయన తిట్టినా బాగుండేది. వాడలో ఎవరూ గడప తొక్కేవారు కాదు. మెడలోంచి దగ్గుతాడట, అది మరింత ప్రమాదమట! కింద ఖాతా కాపలావాడైతే మెట్ల దగ్గర ఆపి, "మాస్క్ ముక్కు మీద పెట్టుకోమను" అని ఆయన్ను గదమాయించాడు. "ముక్కుతో ఊపిరి పీల్చేవాళ్ళకు చెప్పు నాయనా ఆ మాట" అని నేనంటే వాడికి అర్థం కాలేదు.

మగ్గాల మోతలో ఖాతా మనుషులు పెదాలతో, చేతులతో మాట్లాడుకుంటారు. ఆయనకు అది బాగా వచ్చు. నాకే రాదు. ఆయన 'సలి' అని పెదాలాడిస్తే నేను 'చాయ్' అనుకుని పెట్టి తెచ్చాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నేను ఏడ్చాను. తర్వాత ఆ చాయ్ నేనే తాగాను.

గడప దాకా వచ్చింది ఒక్క పక్కింటి పెద్దమ్మే. మా ఊరివైపు మనిషి, కొడుకుది ఖాతాలో పని. వండి తెచ్చిన గిన్నె గడప మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి మాట్లాడేది. ఒకరోజు ఆయన మెడకు కట్టిన గుడ్డ కంటబడింది.

"ఏంది బిడ్డా, సలికాలంల తడిగుడ్డ ఛాతి మీద ఏసినవ్? నెమ్ము జేస్తదే! ఆ బట్ట తీసెయ్. ముక్కుకు మంచిగ ఆవిరి పట్టియ్. వాము, పసుపు ఏసి పట్టియ్. గీ వాడల అందరం గట్లనే బతికినం."

ఆమె చెప్పింది వాడంతా చేస్తున్నదే. ఆ రోజుల్లో ఇంటింటా ఆవిరే. కుక్కర్ విజిల్ పీకి దానికి రబ్బరు గొట్టం తగిలించినవాళ్ళున్నారు. మా ఆయన మంచం మీంచే అంతా విన్నాడు. వినడమేమిటి, పండగ చేసుకున్నాడు. డాక్టర్ల మాట ఒకటీ నచ్చనివాడికి తనకు నచ్చిన మాట దొరికింది. గుడ్డ పీకి మూలకు విసిరేసి, నీళ్ళు కాచమని పొయ్యి వైపు చెయ్యి చూపించాడు.

"సిస్టర్ ఏం చెప్పిందో తెల్సా? తడి ఉండాలన్నది!" అని అరిచాను.

పెదాలతో ఏదో అన్నాడు. 'ఆవిరి తడి కాదా?' అని చాలాసేపటికి అర్థమైంది. ఆవిరి తడే కదా మరి!

నీళ్ళు మరగబెట్టి ముందు పెట్టాను. వేడి ఆవిరి రంధ్రంలోకి పోతుందని భయపడి ఆయన మెడకు మందపాటి తువ్వాలు గట్టిగా చుట్టుకున్నాడు. ముఖం మాత్రం గిన్నె మీదకు వంచి, తల మీద దుప్పటి కప్పుకున్నాడు. లేచాక ముఖమంతా చెమటలు, కళ్ళు ఎర్రగా, ఎంతో హాయిగా ఉన్నట్టు తల ఊపాడు. తర్వాత తువ్వాలు ఊపిరాడనివ్వడం లేదని అదీ తీసేశాడు. ఇక గొట్టం నోరు తెరుచుకునే ఉంది. కింద ఖాతా నుంచి దారపు పొట్టు మెట్ల మీదుగా పైకొస్తూనే ఉంది. నేను తడిగుడ్డ పట్టుకుని దగ్గరికి పోతే చేత్తో తోసేసేవాడు. రెండుపూటలా ముక్కుకు ఆవిరి, మెడకు పొడిగాలి. ఇలా కొన్నాళ్ళు గడిచాయి. లోపలి గొట్టం కడిగినప్పుడల్లా కఫం చిక్కబడుతోంది, చూస్తూనే ఉన్నాను. సలికి ఇట్లే ఉంటుందిలే అని ఆయన చెయ్యి ఆడించేవాడు.

ఒక మధ్యాహ్నం లేసు కుడుతూ తలెత్తి చూశాను. ఆయన మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. గొట్టంలోంచి ఈల వస్తోందేమో, మగ్గాల మోతలో నాకేం వినబడుతుంది? మెడ కింది గుంట లోపలికి పీక్కుపోతోంది, పెదాలు నల్లబడుతున్నాయి. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. మనిషి పోతున్నాడు! నా చేతిలో సూది ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. సిస్టర్ నేర్పినట్టు బయటి గొట్టాన్ని వేలితో అదిమిపట్టి లోపలిదాన్ని తిప్పి లాగాను. రాలేదు. మళ్ళీ తిప్పాను. ఊడింది. భుస్సుమని గాలి లోపలికి పోయింది. చేతిలో ఉన్న గొట్టంలో గంజి ఎండి అట్టకట్టినట్టు గట్టి బిరడా ఒకటి, దాంట్లో దారపు పొట్టు ఇరుక్కుని ఉంది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన సెలైన్ నీళ్ళు నాలుగు చుక్కలు వేసి, కాలి మిషను తొక్కి, మిగిలింది లాగాను. ఆయన దగ్గాడు. ఒంటికి రంగొచ్చింది.

అప్పుడు వచ్చింది నాకు కోపం. చేతుల పని అయ్యాక నోరు లేచింది.

"సస్తవా? సావు! నన్ను గీ ఊర్ల ఒక్కదాన్ని ఇడిసిపెట్టి సావు! ఆవిరంట ఆవిరి! ఏడికి పోతున్నదో తెల్వని ఆవిరి!"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే తట్టింది. నిజమే, ఆవిరి ఎటు పోతోంది?

కింద ఖాతా నుంచి చుట్టుకొచ్చిన దారం పోగు ఒకటి ఆయన చొక్కా మీద ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు చొక్కా లేదు గానీ, లేసు మూటలో పోగులకు కరువా! వెంట్రుక కన్నా సన్నటి పోగు ఒకటి తెంపి రెండు వేళ్ళతో పట్టుకుని ఆయన ముక్కు కింద వేలాడదీశాను. "నోరు మూసుకొని ఊపిరి తీయ్" అన్నాను. తీశాడు. పోగు కదలలేదు. గోడకు వేలాడే పోగులా అలాగే ఉంది. దాన్నే కిందికి దించి గొట్టం ముందు పట్టాను. లోపలికి వంగింది, బయటికి ఎగిరింది, మళ్ళీ వంగింది.

ఆయన నా చేతిలోంచి పోగు లాక్కున్నాడు. తనే ముక్కు కింద పట్టుకుని మెల్లకన్ను పెట్టి చూశాడు. గొట్టం ముందు పట్టాడు. మళ్ళీ ముక్కు కింద. డాక్టరు చెప్తే నమ్మడు, సిస్టర్ చెప్తే నమ్మడు, పెళ్ళాం చెప్తే అసలే నమ్మడు. జీవితమంతా పోగులు చూసినవాడు కాబట్టి పోగు మాట మాత్రం నమ్మాడు. ముక్కు మీద వేలు పెట్టుకుని పెదాలాడించాడు. ఈసారి మొదటిసారికే అర్థమైంది. 'బేకార్.'

"అవ్, బేకారే. అది సుట్టీల ఉన్నది. దాని పని ఇప్పుడు నాది అన్నది సిస్టర్. నువ్వు సెయ్యనిస్తలేవు" అన్నాను.

ఆయన మూలకు విసిరేసిన గుడ్డ వైపు చూశాడు. తర్వాత గాల్లో మగ్గం నేస్తున్నట్టు చేతులు ఆడించి, నేల మీద నీళ్ళు చల్లుతున్నట్టు వేళ్ళు విదిలించాడు. నాకు మా మామ, ఆయన నాన్న, గుర్తొచ్చాడు. ఊళ్ళో నూలు మగ్గం నేసేటప్పుడు ఎండాకాలం మగ్గం చుట్టూ నీళ్ళు చల్లించేవాడు. గాలి పొడిబారితే నూలు పుటుక్కుమని తెగిపోతుంది, చెమ్మ ఉంటేనే సాగుతుంది. ఇక్కడ సూరత్‌లో నైలాన్, పాలిస్టర్ నేసి నేసి మా ఆయన ఆ సంగతి మరిచిపోయాడు గానీ చిన్నప్పుడు ఆ నీళ్ళు చల్లింది తనే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. నేను చూడనట్టు గుడ్డ తడపడానికి వెళ్ళాను.

ఆ తర్వాత గుడ్డ ఆరిందంటే నాకంటే ముందు ఆయనే చిటిక వేసేవాడు. గదిలో తడిబట్టలు ఆరేశాను. మెట్ల వైపు తలుపుకు పాత చీర కట్టాను, పొట్టు రాకుండా. కఫం పల్చబడింది. పెద్దమ్మ గడప దగ్గర నిలబడి గుడ్డ చూసి ఏదో అనబోతే, ఆయన పోగు తీసి ఆమెకు కూడా చూపించాడు. "ఓ యవ్వ! గాలే లేదు!" అని ఆమె నోరు నొక్కుకుంది. ఆ మర్నాటి నుంచి వాడలో ఎవరొచ్చి తొంగిచూసినా ఈ పోగు ఆటే. కొన్నాళ్ళకు మనిషి అలికిడి తగిలింది మా గడపకు.

ఒక్క విషయం మాత్రం ఎవరికీ చెప్పలేదు. రోజూ లాగిన కఫం వెలుతురులో పట్టుకుని రంగు చూసేదాన్ని. పసుపా, ఆకుపచ్చా, తెలుపా? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నుదురు పట్టి చూసేదాన్ని. వాసన పాడయ్యి, రంగు పాడవకపోతే? ఆ భయం నేనొక్కదాన్నే మోశాను. చెప్పినా ఆయన ఏం చేయగలడు, పైగా బెంగ పెట్టుకుంటాడు. తలకు నూనె రాసుకునేదాన్ని, పోపు వేసేదాన్ని, కొత్త చీరల మూట విప్పేదాన్ని. దేనికీ దాని వాసన లేదు. మనిషి పక్కన పడుకున్నా మనిషి వాసన రాకపోతే పక్కన ఎవరూ లేనట్టే ఉంటుంది.

చలి తగ్గుతుండగా ఆస్పత్రికి వెళ్తే వాపు తగ్గిందన్నారు. సన్న గొట్టం వేసి, దానికి మూత బిగించి చూస్తామన్నారు. మూత బిగించగానే ఆయన కంగారుపడ్డాడు. సిస్టర్ వీపు నిమిరి, "ముక్కుతో, నెమ్మదిగా" అంది. నేను కొంగుకు కట్టుకొచ్చిన పోగు విప్పి ఆయన ముక్కు కింద పట్టాను. పోగు కదిలింది. సిస్టర్ ఇదేంటని చూసింది. ఆయన గురగురమంటూ, బొంగురుగా, మొదటి మాట అన్నాడు.

"సల్లగున్నది."

గాలి లోపలికి పోతుంటే ముక్కుకు చల్లగా తగిలిందట. ఇన్నాళ్ళూ తగల్లేదట. నేను ఆస్పత్రిలో అందరిముందూ ఏడ్చాను, సిగ్గేం పడలేదు.

మూతతో బాగానే ఉన్నాడని గొట్టం తీసేశారు. రంధ్రం మీద గుడ్డ అంటించి, కొన్ని రోజుల్లో దానంతట అదే పూడుకుంటుందన్నారు. మాట్లాడేటప్పుడు, దగ్గేటప్పుడు గుడ్డను చేత్తో నొక్కుకోవాలి, లేకపోతే గాలి అటు పోతుంది.

ఇంటికొచ్చాక ఒక ఉదయం నేను పొయ్యి పక్కన, కిటికీ వెలుతురులో లేసు కుడుతున్నాను. పొయ్యి మీద పప్పు. ఆయన మంచం మీంచి మెడ నొక్కుకుని, "ఏమే, మాడుతున్నది!" అన్నాడు.

"ఏం మాడుతున్నది?"

"పప్పే! పొగ గూడ వస్తున్నది, సూడు!"

చూశాను. అడుగంటి నల్లగా ఉంది. గిన్నె దించి, గుడ్డతో పట్టుకుని నిలబడ్డాను. పొయ్యి పక్కన కూర్చున్నది నేను, గది అవతల కూర్చున్నది ఆయన. ఆయనకు విషయం అర్థమవడం నేను చూస్తూనే ఉన్నాను.

"నీకు వాసన వస్తలేదా?"

నేను గిన్నె గోకుతున్నాను.

"ఎప్పటిసంది?"

"నువ్వు ఆస్పత్రిల ఉన్నప్పటిసందే."

"మరి నాతోని సెప్పకపోతివి?"

"సెప్తే ఏమంటవు? నీకు నోరేడున్నది అప్పుడు?" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను గానీ రాలేదు. గిన్నె పక్కన పెట్టి ఏడ్చాను. ఆస్పత్రిలో ఏడ్చింది ఆయన కోసం, ఇది నా కోసం. ఇన్ని నెలల్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు మరి.

ఆయన లేచి, గోడ పట్టుకుని, మెల్లగా పొయ్యి దాకా వచ్చి నా పక్కన కూలబడ్డాడు. మాడిన గిన్నె వాసన చూసి ముఖం చిట్లించాడు. డబ్బాలోంచి ధనియాలు తీసి వాటి వాసనా చూశాడు. తర్వాత నా తల దగ్గరికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"కొబ్బరినూనె" అన్నాడు.

ఇంకోసారి పీల్చాడు.

"నీ ముక్కు పని ఇగ నేను జేస్త" అన్నాడు, గాలి అటు పోకుండా మెడ మీది గుడ్డను చేత్తో అదిమి పట్టుకుని.